ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో స్క్రీన్ టైమ్, ఏకాగ్రత: నా సినాప్సిస్‌లో తప్పులుంటే చెప్పండి

శ్రావణి_తణుకు

అందరికీ నమస్కారం. నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చేస్తున్నాను. డిసెంబరు చివర్లో డీఆర్‌సీ, అంటే మా డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ కమిటీ ముందు సినాప్సిస్ పెట్టాలి. మా గైడ్ గారు చూసి "బాగానే ఉంది, కానీ గుచ్చి అడిగితే నిలబడదు" అన్నారు. ఎక్కడ నిలబడదో మాత్రం నన్నే వెతుక్కోమన్నారు, అందుకే ఇక్కడ పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

శీర్షిక "ప్రాథమికోన్నత విద్యార్థుల అవధాన వ్యవధిపై స్క్రీన్ టైమ్ ప్రభావం". 4 బడులు, రెండు జిల్లా పరిషత్, రెండు ప్రైవేటు, ఒక్కో బడి నుంచి ఒక సెక్షన్‌లో 50 మంది, మొత్తం 200 మంది పిల్లలు. స్క్రీన్ టైమ్‌కి నేనే తయారుచేసిన 25 ప్రశ్నల ప్రశ్నావళి ఉంది, "ఎప్పుడూ", "తరచుగా", "అప్పుడప్పుడు" అని టిక్కు పెట్టేది. ఏకాగ్రతకి అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష. తర్వాత రెండింటికీ సహసంబంధం లెక్కకట్టి, అబ్బాయిలు అమ్మాయిలు, ఊరు పట్నం అని టీ-టెస్టులు చేస్తాను. ఇంతే.

చైతన్య_కోడ్

మంచి టాపిక్ అండి. ఇంట్రడక్షన్‌లో ఆ గోల్డ్ ఫిష్ లెక్క తప్పకుండా వేయండి, మనిషి ఏకాగ్రత 12 సెకన్ల నుంచి 8 సెకన్లకి పడిపోయిందని, చేపకి 9 సెకన్లని మైక్రోసాఫ్ట్ వాళ్లే తేల్చారు. కమిటీకి మొదటి పేజీలోనే పట్టేస్తుంది. ఇంకో మాట, పిల్లల్ని ప్రశ్నలు అడగడం దండగ. ఎన్ని గంటలు చూశారో ఫోన్‌లోనే ఉంటుంది కదా, డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకుంటే అయిపోయె.

కిరణ్మయి_సైక్

శ్రావణి గారూ, ముందు ఆ చేప సంగతి. దయచేసి అది వేయకండి. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా ప్రకటనల విభాగం వేసిన నివేదికలో ఆ అంకె ఉన్న మాట నిజమే, కానీ వాళ్లు కొలిచి తేల్చింది కాదు, ఒక గణాంకాల వెబ్‌సైటు నుంచి తీసి పెట్టుకున్నారు. దాని వెనక పరిశోధన ఏదని జర్నలిస్టులు వెతికితే ఏమీ దొరకలేదు. కమిటీలో ఒక్కరికి ఈ సంగతి తెలిసినా మీ మొదటి పేజీ దగ్గరే నమ్మకం పోతుంది.

రెండోది, నాకు అసలు ఇబ్బందిగా అనిపించింది "అవధాన వ్యవధి" అన్న మాట. అవధానం అన్నారు కాబట్టి మన అష్టావధానాన్నే తీసుకుందాం. అందులో ధారణ వేరు, ఘంటాగణనం వేరు, నిషిద్ధాక్షరి వేరు. చెప్పిన పద్యాలన్నీ చివర్లో తిరిగి అప్పజెప్పడం జ్ఞాపకానికి సంబంధించిన పని. ఎప్పుడు మోగుతుందో తెలియని గంటని సభ అంతసేపూ లెక్కపెట్టుకోవడం నిలకడకి సంబంధించింది. నోటి దాకా వచ్చిన అక్షరాన్ని ఆపి ఇంకో అక్షరం వేయడం నిగ్రహం. మీరు ఎంచుకున్న అంకెల పరీక్ష ధారణని కొలుస్తుంది. మీ పరికల్పనేమో నిలకడ గురించి. అంటే ఒకటి అడిగి ఇంకోటి కొలుస్తున్నారు, మీ గైడ్ గారు అన్న "నిలబడదు" బహుశా ఇదే.

నిలకడే కావాలంటే సార్ట్ అనే పరీక్ష ఉంది, 1997 నుంచి వాడుతున్నారు. తెర మీద 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కోటి వచ్చి పోతుంటాయి. ప్రతి అంకెకీ మీట నొక్కాలి, 3 వస్తే మాత్రం నొక్కకూడదు. మొత్తం 225 అంకెలు, వాటిలో 25 మాత్రమే మూళ్లు. నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ రెండో నిమిషం దాటాక చెయ్యి తనంతట తనే నొక్కేస్తుంటుంది, మనసు ఎటో పోతుంది, అప్పుడు 3 వస్తే జారిపోతారు. ఆ జారిన సంఖ్యే మీకు కావాల్సింది.

జాగ్రత్త ఒకటి. తప్పుల్ని ఒక్కటే చూడకండి, నొక్కిన వేగం కూడా పక్కన పెట్టి చూడండి. హడావిడిగా నొక్కే పిల్లాడికి తప్పులు ఎక్కువే వస్తాయి, వాడికి ఏకాగ్రత లేదని కాదు, తొందర ఎక్కువ. ఇంకో పిల్ల ప్రతి అంకెకీ ఆగి ఆగి నొక్కుతుంది, తప్పులే ఉండవు.

ఇద్దరిఅమ్మ_భీమవరం

మా బాబు ఏడో తరగతి. అన్నం తినేటప్పుడు ఫోన్ లేకపోతే ముద్ద దిగదు. లెక్కల పుస్తకం తీస్తే పది నిమిషాలు కూర్చోడు, అదే ఫోన్ అయితే రెండు గంటలు కదలడు, పిలిచినా పలకడు. ఎన్ని నిమిషాలు ఇస్తే మంచిదో చెప్పండి మేడమ్, రోజుకి గంట ఇవ్వచ్చా? నా ఫోనే వాడికి ఇస్తాను, వేరే ఫోన్ లేదు. వాళ్ల నాన్న ఫోన్ ఆయనతోనే వెళ్లిపోతుంది. పాప ఇంటర్, దానికీ నా ఫోనే, కాలేజీ వాట్సాప్ గ్రూపులు అందులోనే వస్తాయి.

కిరణ్మయి_సైక్

అమ్మా, ఎన్ని నిమిషాలన్నది ఈ థ్రెడ్‌లో తేలే విషయం కాదు, శ్రావణి గారు ఇంకా పరిశోధన మొదలుపెట్టనే లేదు. కానీ మీరు తెలియకుండానే రెండు మంచి విషయాలు చెప్పారు. ఫోన్ ముందు రెండు గంటలు కదలని పిల్లాడికి నిలకడ లేదని ఎలా అంటాం? విసుగు పుట్టించే పని మీద నిలకడ, ఇష్టమైన పని మీద నిలకడ రెండూ ఒకటి కావు. సార్ట్ లాంటివి విసుగు పని మీద నిలకడనే కొలుస్తాయి, ఆ సంగతి సినాప్సిస్‌లో ఒప్పుకుని రాయాలి.

ఇక రెండోది, ఒకే ఫోన్ ముగ్గురిది. చైతన్య గారు చెప్పిన స్క్రీన్‌షాట్ ఈ ఇంట్లో తీస్తే ఎవరి గంటలు వస్తాయి?

చైతన్య_కోడ్

చేప సంగతి తెలియదు, వెనక్కి తీసుకుంటున్నా. స్క్రీన్‌షాట్ మాత్రం వదలకండి. ఫోన్ లెక్క తప్పయినా పిల్లలు చెప్పేదానికంటే నయమే కదా? వాళ్లు అమ్మ పక్కన ఉంటే "అరగంట" అంటారు, ఫ్రెండ్స్ ముందైతే "అయిదు గంటలు" అంటారు. లేదంటే పిల్లాడు వాడే యాప్‌లని మాత్రం పట్టే చిన్న యాప్ రాసి అందరి ఫోన్లలో వేయించండి, నేను రాసిస్తా.

కిరణ్మయి_సైక్

సగం కరెక్టే. పిల్లలే కాదు, పెద్దవాళ్లు చెప్పే లెక్క కూడా అంతంతమాత్రమే. 2021లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, మనుషులు చెప్పిన వాడకానికీ పరికరం నమోదు చేసిన వాడకానికీ మధ్య సహసంబంధం 0.38 దగ్గరే వచ్చింది. కాబట్టి మీ 25 ప్రశ్నల టిక్కుల్ని నమ్మలేం. కానీ ఆ పరికరం ఒక్కరిదైతేనే దాని లెక్క నిజం. యాప్ వేయించడం మాత్రం వద్దు. అమ్మ ఫోన్‌లో అమ్మ సందేశాలు కూడా ఉంటాయి, పైగా 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఖాయంగా నిరూపించుకోవాలి. ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఆ బరువు నెత్తిన వేసుకోవాల్సిన పని లేదు.

శ్రావణి_తణుకు

అందరూ చెప్పినవి చదివి నిన్న ఆదివారం మా వీధిలోనే ఒక ఇంట్లో చూశాను. బాబు ఆరో తరగతి. వాళ్లమ్మ గారు ఒప్పుకుని ఫోన్ చేతికిచ్చారు. శనివారం లెక్క 5 గంటల 40 నిమిషాలు చూపించింది. బాబుని అడిగితే గంట అన్నాడు. అమ్మని అడిగితే "ఎప్పుడూ దాంట్లోనే ఉంటాడండీ" అన్నారు.

ముగ్గురం కూర్చుని పొద్దుటి నుంచి గుర్తు తెచ్చుకున్నాం. పొద్దున అయిదింటి నుంచి యూట్యూబ్‌లో సుప్రభాతం, తర్వాత వంట అయ్యేదాకా భక్తి పాటలు, ఫోన్ స్టాండ్ మీద ఉంది, ఎవరూ చూడలేదు, అదే దాదాపు రెండు గంటలు. మధ్యాహ్నం ఆవిడ సీరియల్ మిస్సయిన భాగం చూశారు. అమ్మమ్మ గారితో వీడియో కాల్. బాబుది బడి నుంచి వచ్చాక 40 నిమిషాల గేమ్, అన్నం తింటూ అరగంట వీడియోలు, పడుకునే ముందు దుప్పట్లో ఇంకో 40 నిమిషాలు. మొత్తం గంటా యాభై నిమిషాలు. అదికాక పక్కింటి అన్నయ్య ఫోన్‌లో కాసేపు గేమ్ ఆడాడట, అది ఈ ఫోన్ లెక్కలోకి రానే రాదు.

అంటే ఫోన్ చెప్పిందీ తప్పే, బాబు చెప్పిందీ తప్పే, అమ్మ చెప్పిందీ తప్పే. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, నా సినాప్సిస్‌లో సగం దీని మీదే ఉంది.

కిరణ్మయి_సైక్

టెన్షన్ పడకండి, మీరు నిన్న చేసిందే పద్ధతి. దాన్నే దినచర్య పట్టికగా మార్చండి. "రోజుకి ఎన్ని గంటలు" అని ఎవరినీ అడగొద్దు. నిన్నటి రోజు ఒక్కటే అడగండి, అది కూడా గడియారంతో కాకుండా వాళ్లకి గుర్తుండే వాటితో: బడి నుంచి వచ్చాక ట్యూషన్‌కి వెళ్లేలోపు, ట్యూషన్ నుంచి వచ్చాక, అన్నం దగ్గర, పక్క మీద. ప్రతి ముక్కకీ మూడు ప్రశ్నలు. తెర ఏది, చేతిలో ఎవరు పట్టుకున్నారు, దేనికి. అన్నం దగ్గర హాల్లో టీవీ నడుస్తుంటే పిల్లాడు చూస్తున్నాడా లేక పక్కన ఊరికే మోగుతోందా, అది వేరే గడిలో రాయండి, కలపొద్దు. చదువు కోసం వాడింది కూడా వేరుగానే.

నాలుగు రోజులు చాలు, మూడు బడి రోజులు, ఒక ఆదివారం. ఒక పిల్లకి బడి రోజుల్లో 70, 95, 60 నిమిషాలు, ఆదివారం 240 నిమిషాలు వచ్చాయనుకోండి. ఊరికే నాలుగూ కలిపి భాగిస్తే రోజుకి 116 వస్తుంది, అది తప్పు, వారానికి ఆదివారం ఒక్కటే. బడి రోజు సగటు 75, దాన్ని ఆరుతో గుణించి 240 కలిపి ఏడుతో భాగించండి, 99 దగ్గర వస్తుంది. ఈ తేడా చిన్నదేమీ కాదు.

రామారావు_లెక్కలు

అమ్మా శ్రావణీ, నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. కొలతల సంగతి కిరణ్మయి గారు చూసుకున్నారు, నేను నీ 200 మంది దగ్గరికి వస్తాను. ఆ 200 ఎక్కడి నుంచి వచ్చింది? మీ సీనియర్ల థీసిస్‌లో ఉందని రాశావా? అందరూ అలాగే రాస్తారు, నేను కమిటీలో ఉన్న రోజుల్లో మొదట అడిగేది ఇదే.

ఇలాంటి అంశాల్లో సంబంధాలు చిన్నవిగానే ఉంటాయి. 2018లో లాస్ ఏంజెలెస్ దగ్గర 15, 16 ఏళ్ల పిల్లలు రెండున్నర వేల మందిని రెండేళ్లు వెంబడించి చూసిన అధ్యయనంలో కూడా సంబంధం ఉందన్నారు కానీ అది చిన్నదే. నువ్వు సహసంబంధం 0.2 ఉంటుందనుకో, అది కూడా ఆశావాదమే. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా రాసి చూడు:

```
library(pwr)
pwr.r.test(r = 0.2, sig.level = 0.05, power = 0.80)
```

194 మంది కావాలంటుంది. అబ్బ, 200 సరిపోయిందిగా అని సంతోషపడకు. ఆ 194 మంది ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లయితేనే ఆ లెక్క. నువ్వు తీసుకునేది ఒక సెక్షన్ పిల్లల్ని. వాళ్లకి ఒకే టీచరు, ఒకే వీధి, ఒకే ట్యూషన్, ఒకే గేమ్ పిచ్చి. ఒకడు చెప్పింది సగం రెండోవాడు కూడా చెబుతాడు. ఆ పోలికని 0.05 అనుకుందాం, చాలా తక్కువే అది. సెక్షన్‌లో ఉన్నవాళ్లలో ఒకటి తీసేసి 0.05తో గుణించి ఒకటి కలపాలి. నీకు సెక్షన్‌కి 50 మంది, కాబట్టి 49ని 0.05తో గుణిస్తే 2.45, ఒకటి కలిపితే 3.45. 200ని 3.45తో భాగించు. 58! నీ 200 మంది నిజానికి 58 మందితో సమానం. అంత తక్కువమందితో 0.36కి తక్కువ ఉన్న సంబంధం నీ వలలో పడదు. పడకపోతే "సంబంధం లేదు" అని రాసేస్తావు, అది నీ వల కన్నాల తప్పు, చేప లేక కాదు.

ఇప్పుడు ఇంకోలా చూడు. సెక్షన్‌కి 12 మందినే తీసుకో, చీటీ వేసి. 11ని 0.05తో గుణించి ఒకటి కలిపితే 1.55. 194ని 1.55తో గుణిస్తే 301. బడికి రానివాళ్లు, పట్టిక సగంలో వదిలేసేవాళ్లు 15 శాతం ఉంటారనుకుంటే 354 దాకా కావాలి, అంటే 30 సెక్షన్లు. ఎక్కువ సెక్షన్లు, ఒక్కోదాంట్లో తక్కువమంది, అదీ కిటుకు.

శ్రావణి_తణుకు

మాస్టారూ, 200 సీనియర్ థీసిస్ నుంచే వచ్చింది. 30 సెక్షన్లంటే నేనొక్కదాన్నే తిరగాలి, నా దగ్గర సార్ట్ పెట్టడానికి రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, ఒకటి మా తమ్ముడిది.

రామారావు_లెక్కలు

అయితే లెక్క నీకే కలిసొచ్చింది చూడు. సాధనతో కలిపి ఒక్కొక్కరికి పది నిమిషాలు. రెండు ల్యాప్‌టాప్‌ల మీద 12 మంది ఆరు విడతల్లో అయిపోతారు, గంట. రెండు పీరియడ్లలో బయటపడతావు, రోజుకొక సెక్షన్. 50 మందిని పెట్టాలంటే ఒక పూట చాలదు.

పల్లెబడి_టీచర్

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకి సోషల్ చెబుతాను. మీ లెక్కలన్నీ బాగున్నాయి, బడి వైపు నుంచి కొన్ని చెబుతాను. మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్‌లో పెట్టారంటే సగం మంది కళ్లు మూతలు పడుతుంటాయి. ఆటల పీరియడ్ అయ్యాక పెడితే ఇంకో రకం. అన్ని బడుల్లోనూ పొద్దున రెండు మూడు పీరియడ్లలోనే పెట్టండి, లేదంటే మీరు కొలిచేది భోజనాన్ని. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల వారం హెచ్‌ఎం గారు రానివ్వరు. సంక్రాంతి సెలవుల తర్వాత వారం పది రోజులు పిల్లలు మనుషుల్లో ఉండరు, దినచర్య అడిగితే పండగ ముచ్చట్లే చెబుతారు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నమంతా ఇంట్లోనే, స్క్రీన్ టైమ్ మారిపోతుంది. కాబట్టి సంక్రాంతి తర్వాత ఒక పది రోజులు వదిలి మార్చి మొదటి వారంలోపు ముగించాలి. విద్యాశాఖ అధికారుల ఉత్తర్వు చేతిలో లేకుండా మా గేటు దాటలేరు, దానికి ఇప్పటి నుంచే తిరగండి.

ఇంకోటి, ల్యాప్‌టాప్ ముట్టుకోని పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. 2022 డిసెంబరులో మా ఎనిమిదో తరగతికి ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు చూశాను, మొదటి రోజు కొందరు తెర మీద వేలు పెట్టడానికే భయపడ్డారు, పక్కన ఉన్నవాడు అప్పటికే సెట్టింగులు తిప్పేస్తున్నాడు. మీ పరీక్షలో ఎవడు ముందుంటాడు? ఫోన్ ఎక్కువ వాడేవాడే కదా.

కిరణ్మయి_సైక్

ఇది నాకు తట్టలేదు, చాలా ముఖ్యమైన మాట. తెర మీద పరీక్ష పెడితే తెర అలవాటున్న పిల్లలకి చెయ్యి తిరిగి ఉంటుంది, స్క్రీన్ వల్ల ఏకాగ్రత పెరిగిందని తప్పుడు ఫలితం రావచ్చు. అందుకే సార్ట్‌తో పాటు కాగితం మీద పరీక్ష ఒకటి ఉండాలి. రెండూ ఒకే వైపు చూపిస్తే నమ్మొచ్చు.

కాగితం మీద అందరూ వాడేది d2 పరీక్ష, వరసల్లో d, p అక్షరాలు ఉంటాయి, రెండు గీతలున్న d లని మాత్రమే కొట్టేయాలి. కానీ తెలుగు మీడియం నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లలు కొందరికి ఇప్పటికీ d, b, p లు తారుమారవుతుంటాయి, అప్పుడు మీరు ఇంగ్లీషుని కొలిచినట్టవుతుంది. నిమ్‌హాన్స్ వాళ్ల పిల్లల పరీక్షల సెట్‌లో రంగుల గుండ్రాలు కొట్టేసే పరీక్ష ఉంది, 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకి, అక్షరాలతో పని లేదు. అది అడగండి. రంగులు సరిగ్గా కనబడని పిల్లలు ఉన్నారేమో మాత్రం ముందే చూసుకోవాలి.

విజయ్_హైద్

ఒక్క మాట చెప్పనా, ఇంత కష్టపడి చివరికి వచ్చేది సహసంబంధమే. ఫోన్ వల్ల నిలకడ తగ్గిందా, లేక మొదటి నుంచీ ఒకచోట కూర్చోని పిల్లాడికి వాళ్లమ్మ విసిగిపోయి ఫోన్ ఇచ్చేసిందా? మీ డేటా రెండింటికీ ఒకేలా కనిపిస్తుంది. "ప్రభావం" అన్న మాట శీర్షికలోంచి తీసేయండి లేదా ప్రయోగం చేయండి. సగం ఇళ్లలో రెండు వారాలు రాత్రి పూట ఫోన్ ఆపించి, మిగతా సగం మామూలుగా వదిలి, ముందూ వెనకా సార్ట్ పెట్టండి.

ఇద్దరిఅమ్మ_భీమవరం

రెండు వారాలు రాత్రి ఫోన్ ఆపమంటే మా ఇంట్లో రెండు రోజులు కూడా సాగదండీ. మూడో రోజు నేనే ఇచ్చేస్తాను, ఇచ్చినట్టు మీకు చెప్పను కూడా. మాకు సిగ్గుగా ఉంటుంది కదా.

కిరణ్మయి_సైక్

అమ్మగారు చెప్పిందే నా జవాబు. పాటించని ప్రయోగం కంటే నిజాయితీగా రాసిన సహసంబంధం మేలు. విజయ్ గారు శీర్షిక గురించి చెప్పింది మాత్రం నూటికి నూరు పాళ్లూ నిజం. అవకాశం ఉంటే అవే పిల్లలని ఎనిమిది నెలల తర్వాత మళ్లీ చూడండి, ఏది ముందు మారిందో కొంతైనా తెలుస్తుంది.

విజయ్_హైద్

పాటించకపోవడాన్ని కూడా కొలిచి రాయొచ్చు, దానికి పద్ధతులు ఉన్నాయి. నేను ఒప్పుకోను. సరే, ఆమె థీసిస్ ఆమె ఇష్టం. నిద్ర మాటేంటి? నిద్రని కూడా కొలిచి విశ్లేషణలో స్థిరంగా పట్టుకోవాలి, లేకపోతే ఏదీ నమ్మలేం.

రామారావు_లెక్కలు

అక్కడ తొందరపడకు బాబూ. ఆరో తరగతి పిల్లాడు దుప్పట్లో ఫోన్ చూశాడు, పదకొండింటికి పడుకున్నాడు, పొద్దున సార్ట్‌లో జారాడు. ఇక్కడ నిద్ర అనేది దారి మధ్యలో ఉన్న ఊరు. ఫోన్ నుంచి ఏకాగ్రతకి వెళ్లే బస్సు ఆ ఊరి మీదుగానే వెళుతోంది. నువ్వు నిద్రని స్థిరం చేస్తే ఆ బస్సుని ఆపేసినట్టే, ఫోన్‌కి సంబంధమే లేదని తేలుతుంది. ఇంటి పరిస్థితి, తరగతి, వయసు, వీటిని స్థిరంగా పట్టుకోవాలి, ఇవి ఫోన్ కంటే ముందే ఉన్నవి. నిద్రని మాత్రం కొలిచి వేరుగా చూపించు.

విజయ్_హైద్

అన్ని ఇళ్లలో అలా కాదు మాస్టారూ. చిన్న ఇల్లు, నాన్న నైట్ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఎవరూ పడుకోరు, ఆ మెలకువలో ఫోన్ చూస్తారు. అక్కడ నిద్ర లేకపోవడమే ముందు, ఫోన్ తర్వాత.

రామారావు_లెక్కలు

అది కూడా నిజమే. రెండు రకాలుగానూ లెక్కకట్టి, రెండూ పక్కపక్కన పెట్టాలి తప్ప ఇదీ సమాధానమని చెప్పలేను.

శ్రావణి_తణుకు

వారం రోజులు పట్టింది, తిరగరాశాను. శీర్షికలో "ప్రభావం" తీసేసి "విరామ సమయ స్క్రీన్ వాడకానికీ నిలకడైన అవధానానికీ గల సంబంధం" అని పెట్టాను. అంకెల పరీక్ష తీసేశాను. సార్ట్, రంగుల గుండ్రాలు రెండూ ఉన్నాయి, పొద్దున రెండు, మూడు పీరియడ్లలో. నాలుగు రోజుల దినచర్య పట్టిక, తెర ఏది, చేతిలో ఎవరు, దేనికి అన్న మూడు గడులతో. పడుకున్న సమయం అందులోనే రాయిస్తున్నాను. 30 సెక్షన్లు, సెక్షన్‌కి 12 మంది. మూళ్లలో ఒక్కదానికీ ఆగకుండా అన్నీ నొక్కినవాళ్ల ఫలితం లెక్కలోకి తీసుకోనని ముందే రాసేశాను, తర్వాత నా ఇష్టం వచ్చినట్టు తీసేశానని ఎవరూ అనకుండా. సమ్మతి పత్రం తెలుగులో ఒక పేజీకి కుదించాను. ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో 12 ఏళ్లలోపు పిల్లల దగ్గర నోటి మాటగా, 12 దాటితే రాతలో అంగీకారం తీసుకోమని ఉంది, మా ఆరో తరగతిలో రెండు రకాలూ ఉన్నారు కాబట్టి రెండూ పెట్టాను.

నిన్న మా వీధి బాబుకే పట్టిక ఇచ్చి చూశాను. "చేతిలో ఎవరు" గడిలో వాడు "నేను, చెల్లి, మళ్లీ నేను" అని రాశాడు. ఆ అరగంటని ఎలా పంచాలి?

పల్లెబడి_టీచర్

పంచకండి. చెల్లి పట్టుకున్నా వీడి కళ్లు దాంట్లోనే ఉన్నాయి. మా పిల్లలు గేమ్ ఆడేది ఒకడు, చుట్టూ చూసేది నలుగురు, చూసేవాళ్లకి కూడా అరగంట అరగంటే.

కిరణ్మయి_సైక్

చూడటం, ఆడటం ఒకటేనా అని నాకు సందేహం. "చూశాను" అని నాలుగో గడి పెట్టండి, కలపాలా వద్దా డేటా వచ్చాక కాదు, ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇద్దరిఅమ్మ_భీమవరం

మేడమ్, మీ పట్టిక ఒకటి నాకు పంపుతారా? బాబుకి కాదు, ముందు నేను నింపి చూస్తాను.